"మీకు అనుభవం ఎక్కువైపోయింది" అంటే ఏం మెయిల్ రాయాలి?

పోయినసారి కామెంట్స్‌లో ఒక తమ్ముడు అడిగాడు, "అన్నా, నన్ను ఓవర్ క్వాలిఫైడ్ అన్నారు, ఇంకేం చేయాలి?" అని. ఇది నాకూ జరిగింది.

హైదరాబాద్‌లో 11 ఏళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేశాను. చివర్లో 14 మందికి లీడ్‌ని. నాన్నకి ఆరోగ్యం బాగోక విశాఖ వచ్చేశాను. ఇక్కడ ఒక చిన్న కంపెనీలో టెస్టర్ ఉద్యోగానికి అప్లై చేశాను. వాళ్లు అడిగింది 4 నుంచి 6 ఏళ్ల అనుభవం. ఇంటర్వ్యూ అంతా బాగానే నడిచింది. చివర్లో హెచ్ఆర్ మేడమ్, "మీ అనుభవానికి ఈ రోల్ చిన్నదేమో అండీ" అన్నారు. నేను కంగారులో "పర్లేదు మేడమ్, ఏ పనైనా చేస్తాను" అనేశా. అంతకంటే చెత్త జవాబు లేదు. వేరే దారిలేక వచ్చాడు, మంచిది దొరకగానే పోతాడు అనే అర్థం అవుతుంది.

రాత్రి థాంక్యూ మెయిల్ రాశాను. నేను చేసిన ప్రాజెక్టులన్నీ అందులో పెట్టాను. మా ఆవిడ చదివి, "వాళ్ల భయం ఇంకా పెంచుతున్నావు కదా!" అంది. నిజమే. నేను గొప్పవాడినా కాదా అన్నది వాళ్ల డౌట్ కాదు. ఉంటానా, జీతం సరిపోతుందా, నాకంటే చిన్నవాడు మేనేజర్ అయితే మాట వింటానా, ఇవీ వాళ్ల డౌట్లు.

అది తీసేసి, మర్నాడు పొద్దున ఇంకోటి పంపాను. ఇంగ్లీషులో రాశాను గానీ సారాంశం ఇది:

"నా అనుభవం గురించి మీరు అడిగినదానికి నిన్న సరిగ్గా చెప్పలేకపోయాను. మా కుటుంబం విశాఖకి మారిపోయింది, పాపని ఇక్కడి స్కూల్లో చేర్చాం. లీడ్‌గా ఉన్న మూడేళ్లూ మీటింగులే ఎక్కువ, నేను సొంతంగా టెస్టింగ్ చేసింది తక్కువ. మళ్లీ ఆ పనే చేయాలనుకుంటున్నాను. మీరు చెప్పిన 12 లక్షల లోపు జీతం లెక్క వేసుకున్నాను, మాకు సరిపోతుంది. మీ టీమ్ లీడ్‌కి రిపోర్ట్ చేయడానికి నాకు ఇబ్బంది లేదు. కావాలంటే ఆయనతో ఒకసారి మాట్లాడతాను."

అంతే. చూడండి, "ఐదేళ్లు ఉంటాను" అని ఎక్కడా ప్రామిస్ చేయలేదు. అలాంటివి ఎవరూ నమ్మరు. స్కూల్ అడ్మిషన్ అయితే నమ్ముతారు. నాన్న ఆరోగ్యం సంగతి కూడా రాయలేదు. జాలి చూపించమని అడిగినట్టు ఉంటుంది, పైగా ఆయన కోలుకుంటే వెళ్లిపోతాడేమో అన్న ఇంకో డౌట్ పుడుతుంది. జీతం అంకె మాత్రం తప్పకుండా రాయండి, కానీ ఇంట్లో ఈఎంఐలతో సహా లెక్క చూసుకున్నాకే. ఆఫర్ వచ్చాక "ఇంకో 4 లక్షలు" అంటే ఆ మెయిల్ అంతా అబద్ధమైపోతుంది.

నాలుగు రోజులకి టీమ్ లీడ్ ఫోన్ చేశాడు. నాకంటే ఆరేళ్లు చిన్న. మొదటి ప్రశ్నే, "అన్నా, నేను మీ బగ్ రిపోర్ట్ రిజెక్ట్ చేస్తే?" అన్నాడు. "కారణం అడుగుతా, సరైనదైతే క్లోజ్ చేస్తా" అన్నాను. ఆ తర్వాతి వారం ఆఫర్ లెటర్ వచ్చింది.

ఒకటి మాత్రం చెప్పాలి. మీరు నిజంగానే ఆరు నెలల కోసం చూస్తుంటే ఈ మెయిల్ రాయకండి, కాంట్రాక్ట్ ఉద్యోగం అడగండి. సరే మరి, ఉంటాను.