పేరు మారిస్తే చాలా?

(ప్రసంగ పాఠం)



వార్తను స్క్రీన్‌ప్లేగా మలిచేటప్పుడు ముందు పేర్లు మారుస్తాం. కానీ మనిషిని పట్టిచ్చేది పేరొక్కటే కాదు. 2018లో మిర్యాలగూడలో జరిగిన హత్యపై 2020లో సినిమా ప్రకటించగానే హతుడి భార్య నల్గొండ కోర్టుకెక్కింది. కోర్టు సినిమాను ఆపింది, హైకోర్టు అనుమతించింది. అది ఎవరి కథో మాత్రం అందరికీ తెలుసు.

ఊహకు ఒక కేసు తీసుకుందాం. ప్రొద్దుటూరు బంగారు అంగడి యజమానిపై అక్కడ పనిచేసే అమ్మాయి అత్యాచారం కేసు పెట్టింది. రచయిత్రి కథను జమ్మలమడుగుకు మార్చింది, అంగడిని బట్టల కొట్టు చేసింది. కానీ తండ్రి లేకపోవడం, అన్న లారీ డ్రైవర్ కావడం, ఉగాది మర్నాడు ఫిర్యాదివ్వడం అలాగే ఉంచింది. ఈ మూడూ కలిస్తే వీధి వీధంతా గుర్తుపడుతుంది. భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద అత్యాచార బాధితురాలి గుర్తింపు తెలిపే ఏ వివరం ప్రచురించినా రెండేళ్ల దాకా జైలు పడవచ్చు.

యజమాని సాక్షులను కొన్నాడని కూడా ఆమె కల్పించింది. అతను గుర్తుపట్టేలా ఉంటే అది పరువునష్టమే. 'కల్పితం' అన్న ప్రకటన దానికి రక్ష కాదు.

అందుకే కేసులోంచి ఒక్క ప్రశ్నే తీసుకోవాలి: జీతమిచ్చేవాడిపై ఫిర్యాదిస్తే ఇల్లు గడిచేదెలా? కుటుంబం, కాలం, వృత్తి కొత్తగా అల్లాలి. కథను పులివెందులకు మారిస్తే అక్కడ అలాంటి అంగడి, అలాంటి మనిషి ఉన్నారేమో విచారించాలి. చివరకు ఆ కేసులో పనిచేసిన కార్యకర్త చేత చదివించాలి. ఆమెకు ఆ అమ్మాయి కనిపిస్తే మళ్లీ రాయాలి.