ఏడో రోజు పరీక్ష

హనుమాన్ జంక్షన్ చుట్టుపక్కల పల్లెల్లో రేపటినుంచి, పట్టా అందుకుంటున్న ఈ నర్సింగ్ విద్యార్థినుల ముందు కూర్చోబోయే స్త్రీలలో చాలామంది చెప్పుకోవడానికి సిగ్గుపడి గొంతు తగ్గించి అడిగే ప్రశ్న రొమ్ము గురించే గనుక, ఈ ప్రసంగం ఆ ఒక్క విషయానికే పరిమితం.

అండం విడుదలైన తరువాత, అంటే నెలసరికి సుమారు రెండు వారాల ముందునుంచి, ప్రొజెస్టిరాన్ అనే హార్మోను పెరుగుతుంది. అది ఈస్ట్రోజన్‌తో కలిసి పాలగ్రంథులను ఉబ్బించడం వల్ల, వాటి చుట్టూ నీరు చేరడం వల్ల రొమ్ములు బరువెక్కి, ముట్టుకుంటే సలుపుతాయి. ఈ నొప్పి సాధారణంగా రెండు వైపులా, ముఖ్యంగా చంకకు దగ్గరగా ఉండే పైభాగంలో తెలుస్తుంది. చేతికి అక్కడ ఇసుక మూటలా గరుకు తగులుతుంది. బహిష్టు మొదలైన కొద్ది రోజులకు రెండూ తగ్గిపోతాయి. ఇది జబ్బు కాదు.

అందుచేత ఈ పరీక్షలో మొదటి పనిముట్టు క్యాలెండరు. ఉదాహరణకు 26 ఏళ్ల యువతి నెలసరి చక్రంలో 24వ రోజున వచ్చి కుడి రొమ్ములో గడ్డ ఉందంటే, ఆ రోజు చేతికి తగిలేది ఉబ్బిన గ్రంథో, నిజమైన గడ్డో తేల్చడం కష్టం. ప్రమాద సూచనలేవీ లేకపోతే రక్తస్రావం మొదలైన రోజును ఒకటిగా లెక్కించి, ఏడో రోజున ఆమెను మళ్లీ రమ్మనాలి. మధ్య మూడు వేళ్ల మెత్తని భాగంతో, మొదట పైపైన, తరువాత కాస్త నొక్కి, చివరకు పక్కటెముకలు తగిలేలా, మెడ ఎముకనుంచి చంకదాకా తడమాలి. చిటికెతో పట్టుకోకూడదు, అలా పట్టుకుంటే ఏ రొమ్ములోనైనా గడ్డ ఉన్నట్టే తోస్తుంది. ఆ రోజుకు గరుకు పోయినా ఉసిరికాయంత గడ్డ ఒకటి వేళ్ల కింద రబ్బరులా జారుతూ మిగిలితే అది బహుశా ఫైబ్రోఅడినోమా, అంటే యువతులలో తరచు కనిపించే, క్యాన్సరు కాని గడ్డ. అయినా ‘బహుశా’ అన్న మాటతో ఆమెను ఇంటికి పంపకూడదు. వైద్యుని చేతి పరీక్ష, అల్ట్రాసౌండ్, అవసరమైతే సూదితో తీసిన ముక్క పరీక్ష, ఈ మూడూ ఒకే మాట చెప్పాలి. ఒక్కటి విభేదించినా విచారణ ముగిసినట్టు కాదు.

ప్రసంగకర్తను ఉద్యోగ జీవితమంతా వెంటాడిన దిగులు మరొకటి ఉంది. నొప్పి పుట్టిన స్త్రీ భయపడి పరుగున వస్తుంది. నొప్పి లేని గడ్డ ఉన్న స్త్రీ నాట్లు అయ్యాకో, కూతురి పెళ్లి అయ్యాకో చూపించుకుందామని ఆగిపోతుంది. క్యాన్సరు గడ్డ మొదట్లో చాలాసార్లు నొప్పి పెట్టదు. అందువల్ల ఈ అమ్మాయిలలో ఎవరైనా ‘నొప్పి లేదుగా, ఏం కాదులే’ అన్న మాటను ఒక్కసారి పలికినా, చదివిన నాలుగేళ్లూ వృథా చేసుకున్నట్టే; ఈ కోపం వారిమీది ప్రేమవల్ల వచ్చినదే. వారి చేతికున్న శక్తి కూడా చిన్నది కాదు. ముంబైలో టాటా స్మారక ఆసుపత్రి 1998లో మొదలుపెట్టిన అధ్యయనంలో, శిక్షణ పొందిన మహిళా ఆరోగ్య కార్యకర్తలు 35 నుంచి 64 ఏళ్ల స్త్రీలను రెండేళ్లకోసారి కేవలం చేతితో పరీక్షించారు. 2021లో వెలువడిన ఫలితాల ప్రకారం 50 ఏళ్లు, ఆపైబడిన వారిలో రొమ్ము క్యాన్సరు మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి, అంతకంటే చిన్నవారిలో మాత్రం చెప్పుకోదగ్గ తగ్గుదల కనిపించలేదు.

కొన్ని మార్పులకు ఏడో రోజు లెక్క వర్తించదు. 30 దాటిన స్త్రీలో కొత్తగా తగిలిన గడ్డ, ముట్లుడిగిన తరువాత వచ్చిన ఏ గడ్డయినా, గట్టిగా, అంచులు తెలియకుండా, కదలకుండా ఉన్నది, చంకలో గడ్డ, చర్మం చొట్టపడడం లేదా బత్తాయి తొక్కలా గుంటలు పడడం, చనుమొన కొత్తగా లోపలికి లాగుకోవడం, పిండకుండానే ఒక వైపు నుంచి రక్తం కారడం, చనుమొనమీద మానని పుండు, ఇవి కనబడిన వారంలోనే వైద్యుని దగ్గరకు చేరాలి. ఎర్రబడి వేడెక్కిన రొమ్మును చీముగడ్డగా భావించి యాంటీబయాటిక్ ఇచ్చినప్పుడు, వారం పది రోజుల్లో తగ్గకపోతే మందు మార్చి చూస్తూ కూర్చోకూడదు; వాపు రూపంలో వచ్చే క్యాన్సరు సరిగ్గా అలాగే కనిపిస్తుంది. పాలిచ్చే తల్లి విషయంలోనూ ఇదే నియమం.

ఇలాంటి స్త్రీని విజయవాడకో, చినఅవుటపల్లికో వైద్యుని దగ్గరకు పంపేటప్పుడు చీటీమీద నెలసరి మొదలైన తేదీ, గడ్డ ఏ వైపు, ఎంత పరిమాణంలో ఉందో రాయాలి. వారం తిరిగేసరికి ఆమె ఇంటికి వెళ్లి, ఆ చీటీ ఇంకా గూట్లోనే ఉందేమో చూడాలి.