బ్రోషరులో ఉన్నది ఏది, కాగితంలో ఉన్నది ఏది?

(షోలాపూర్‌లో జరిగిన సభ్యుల సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మన సభ్యుడొకరు ఒక రంగురంగుల బ్రోషరు పట్టుకొని సంఘం ఆఫీసుకు వచ్చారు. మిల్లులో ముప్పై యేళ్లు సాంచాల మీద పని చేసిన మనిషి. చేతికొచ్చిన ప్రావిడెంటు ఫండు, గ్రాట్యుటీ పెట్టి, తక్కినదానికి బ్యాంకు అప్పు తీసుకొని ఊరి అంచున కడుతున్న భవనంలో ఒక ఫ్లాటు కొనాలని ఆయన కోరిక. "ఇదంతా ఇంగ్లీషులో ఉన్నది. సారాంశం తెలుగులో రాసి ఇవ్వండి" అన్నారు.

ఉన్నదున్నట్టు తెలుగులో రాసిస్తే బిల్డరు ప్రకటననే మన అక్షరాల్లో మళ్లీ అచ్చు వేసినట్టవుతుంది. అందుకని మేము ఒక పెద్ద కాగితం తీసుకొని మధ్యన గీత గీశాము. ఎడమ పక్కన బ్రోషరు చెప్పిన మాట రాశాము. కుడి పక్కన, ఆ మాట చట్టబద్ధమైన కాగితంలో ఎక్కడున్నదో, ఏ పేజీలో ఉన్నదో రాశాము. కనబడకపోతే ఖాళీగా వదిలేశాము. ఆ ఖాళీలే అసలు సారాంశం.

కుడి పక్కకు కావలసిన కాగితాలు ఎక్కడ దొరుకుతాయి? 2016లో వచ్చిన రేరా చట్టం ప్రకారం బిల్డరు తన ప్రాజెక్టును మహారేరాలో రిజిస్టరు చేయించాలి. ఆ నంబరును ప్రతి ప్రకటన మీదా వేయాలి. 2023 ఆగస్టు నుంచి క్యూఆర్ కోడు కూడా వేయాలన్నారు. ఆ కోడు మీద ఫోను పెట్టినా సరే, maharera.maharashtra.gov.in లో నంబరు కొట్టి చూసినా సరే, మంజూరైన ప్లాను, పని మొదలుపెట్టడానికి ఇచ్చిన సర్టిఫికెట్టు, పూర్తి చేయవలసిన తేదీ, అమ్మకపు ఒప్పందం నమూనా అక్కడ ఉంటాయి. మా కుర్రాళ్లు అర గంటలో అన్నీ దించి అచ్చు తీశారు. 500 చదరపు మీటర్లకు మించని స్థలంలో గాని, 8 ఫ్లాట్లకు మించకుండా గాని కట్టేవాటికి ఈ రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. అటువంటి చోట కుడి పక్క కాగితాల కోసం కార్పొరేషను ఆఫీసుకే వెళ్లవలసి ఉంటుంది.

మొదటి మాట వైశాల్యం. బ్రోషరులో "650 చదరపు అడుగులు, 26 లక్షలు" అని ఉన్నది. అంటే అడుగు 4,000 రూపాయలు అనుకొని మన సభ్యుడు సంతోషించారు. ఒప్పందం నమూనాలో ఉన్నది మాత్రం 38.5 చదరపు మీటర్ల కార్పెట్ ఏరియా. మీటర్లను 10.764తో హెచ్చవేస్తే 414 అడుగులు వచ్చింది. కార్పెట్ ఏరియా అంటే ఇంటి లోపల వాడుకునే నేల. గదుల మధ్య గోడలు ఇందులో చేరుతాయి, బయటి గోడలూ బాల్కనీలూ చేరవు. తక్కిన 236 అడుగుల్లో బయటి గోడలు, బాల్కనీ, మెట్లు, లిఫ్టు, వరండాలో వాటా కలిపి ఉంటాయి. 26 లక్షలను 414తో భాగిస్తే అడుగు దాదాపు 6,280 రూపాయలు. ఇది మోసమా అని ఒకరు అడిగారు. అంకె అబద్ధం కాకపోవచ్చు. కాని చట్టం ప్రకారం అమ్మేది కార్పెట్ ఏరియా లెక్కనే కనుక, రెండు ప్రాజెక్టుల ధర పోల్చాలంటే ఈ అంకెతోనే పోల్చాలి.

రెండవ మాట అంతస్తులు. బొమ్మలో పన్నెండు అంతస్తులున్నాయి. మన సభ్యుడికి చూపించింది తొమ్మిదవ అంతస్తు, గాలి బాగా వస్తుందని. కార్పొరేషను ఇచ్చిన సర్టిఫికెట్టు చదివితే ఏడవ అంతస్తు వరకే అనుమతి ఉన్నది. పై అంతస్తులకు అనుమతి తరువాత రావచ్చు, రాకనూ పోవచ్చు. ఈ రోజుకు ఆ ఫ్లాటు కాగితం మీద లేదు. మొత్తం బ్రోషరులో అన్నింటికన్నా పెద్ద విషయం ఇదేనని మా అభిప్రాయం. అయినా దీని గురించి అందులో ఒక్క ముక్క లేదు.

ఇక వసతులు. ఇరవైకి పైగా ఉన్నాయి: ఈతకొలను, వ్యాయామశాల, గుడి, పిల్లల తోట, పెళ్లిళ్లకు హాలు, 24 గంటల నీరు, స్టేషనుకు పది నిమిషాలు.

పిల్లల తోట మంజూరైన ప్లానులో ఉన్నది, ఒప్పందంలోనూ ఉన్నది. ఇది గట్టి మాట. ప్లానులో ఉన్న ఉమ్మడి స్థలాన్ని మార్చాలంటే కొన్నవారిలో మూడింట రెండు వంతుల మంది రాతపూర్వకంగా ఒప్పుకోవాలి.

పెళ్లి హాలు కథ వేరు. ప్లాను మీద వెతికితే అది రెండవ దశ స్థలంలో కనబడింది. మన సభ్యుడు కొనేది మొదటి దశ. ఒక్కొక్క దశకు వేరువేరుగా రిజిస్ట్రేషను ఉంటుంది, ఇక్కడ రెండవ దశకు ఇంకా నంబరే రాలేదు. బ్రోషరు మాత్రం రెండింటినీ ఒకే బొమ్మలో కలిపి వేసింది.

ఈతకొలను ప్లానులో లేదు, ఒప్పందంలోనూ లేదు. స్టేషనుకు పది నిమిషాలన్నది ఎవరూ రాసివ్వలేని మాట. ఏ బండి మీద, ఏ వేళప్పుడు?

నీటి విషయం కాస్త ఆగి చూడండి. కుళాయి నీళ్లు కొన్ని రోజులకొకసారి వచ్చి అలవాటైన ఊరు మనది. బ్రోషరు "24 గంటల నీరు" అంటున్నది. ఒప్పందంలో ఉన్నది "బోరు, నేల తొట్టి, పైతొట్టి" అని మాత్రమే. తొట్టిలో ఎన్ని లీటర్లు పడతాయో లేదు, బోరు ఎండితే ట్యాంకరు ఖర్చు ఎవరిదో లేదు. తొట్టి కట్టించడం ఒప్పుకున్నారు, నీరు ఒప్పుకోలేదు. మేము కుడి పక్కన అలాగే రాశాము.

వసతుల కొలతలు, అప్పగించే తేదీలు ఒప్పందంలోనే రాయాలని మహారేరా 2024లో చెప్పింది. పార్కింగుకు కూడా పొడవు, వెడల్పు, నంబరు రాసిన అనుబంధం ఉండాలని అదే సంవత్సరం చెప్పింది. కనుక "అన్నీ ఉంటాయండీ" అనేవారిని "ఏ పేజీలో?" అని అడగవచ్చు.

తేదీ సంగతి రెండు మాటల్లో: బ్రోషరులో వచ్చే దీపావళికి గృహప్రవేశం. మహారేరాలో బిల్డరే ఇచ్చిన తేదీ అంతకన్నా రెండేళ్లు ఆలస్యం. ఒప్పందంలో రాసిన తేదీ దాటితేనే వడ్డీ గాని, డబ్బు వాపసు గాని అడగడానికి హక్కు వస్తుంది. అంతవరకు ఇంటి అద్దె, అప్పు మీద వడ్డీ రెండూ కట్టవలసింది ఆయనే.

ఇంతలో బిల్డరు ఆఫీసువారు టోకెను కింద 5 లక్షలు తెమ్మన్నారు. రాతపూర్వకమైన ఒప్పందం చేసి రిజిస్టరు చేయించకుండా ధరలో పదోవంతు మించి తీసుకోకూడదని చట్టంలోని 13వ సెక్షను చెబుతున్నది. 26 లక్షలకు అది 2,60,000. ఈ సెక్షను రాసి చూపించాక ఐదు లక్షల మాట మళ్లీ రాలేదు. మన సభ్యుడు కూడా ఇంకా ఏమీ కట్టలేదు. ఏడవ అంతస్తులోపు ఫ్లాటు చూపించండి, హాలు సంగతి, తొట్టి లీటర్లు ఒప్పందంలో చేర్చండి అని ఉత్తరం రాసి, రసీదు తీసుకున్నారు.

చివరి పేజీ అడుగున చీమ తలంత అక్షరాల్లో "చిత్రాలు ఊహాత్మకం, మార్పులకు లోబడి ఉంటాయి, ఇది చట్టబద్ధమైన ఒప్పందం కాదు" అని ఉన్నది. అలాంటప్పుడు ఎడమ పక్క మాటలకు విలువే లేదా అని కొందరు అడుగుతున్నారు. ఉన్నది. ప్రకటననో, మాదిరి ఫ్లాటునో నమ్మి డబ్బు కట్టినవారికి అందులోని తప్పు మాట వల్ల నష్టం వస్తే పరిహారం ఇవ్వాలని 12వ సెక్షను అంటున్నది. వద్దనుకుంటే కట్టిన డబ్బు వడ్డీతో తిరిగి ఇవ్వాలి. అయితే ఆ మాట బిల్డరే అన్నాడని, దాన్ని నమ్మే డబ్బు కట్టామని మనం చూపించాలి. ఒప్పందంలో ఉన్న దానికి ఈ తంటా ఉండదు. కనుక ఈతకొలను బొమ్మ ఉన్న ఆ బ్రోషరు పారేయవద్దని, ఇచ్చిన తేదీ దాని మీద రాసి, డబ్బు కట్టిన రసీదులుంటే వాటితో కలిపి దాచమని ఆయనకు చెప్పాము.