సింగపూర్ డాలర్ మనకి నిజంగా ఎంతకి పడుతుంది?

కళింగపట్నం నుంచి మాట్లాడుతున్నాను. మా వీధి కుర్రాడొకడు వచ్చే నెల విశాఖలో ఫ్లైట్ ఎక్కి సింగపూర్ వెళ్తున్నాడు. ఖర్చుకి 1,000 సింగపూర్ డాలర్లు కావాలి. "అన్నా, నోట్లు కొనాలా, డెబిట్ కార్డు సరిపోద్దా, ఫారెక్స్ కార్డు తీసుకోవాలా?" అని అడిగాడు. రండి, మూడూ లెక్క కట్టేద్దాం.

గూగుల్‌లో డాలర్ 65 రూపాయలు ఉందనుకుందాం. మిగతా రేట్లూ లెక్క కోసం అనుకున్నవే, మీరు ఆ రోజువి వేసుకోండి. గూగుల్ రేటుకి మనకెవరూ అమ్మరు. తేడా అంతా అక్కడే ఉంటుంది.

మొదట నోట్లు. కౌంటర్‌లో "కమీషన్ లేదు" అంటారు, కానీ డాలర్‌కి 67 తీసుకుంటారు. వాళ్ల లాభం ఆ రేటులోనే ఉంది. లక్ష లోపు మార్పిడికి జీఎస్టీ 0.18 శాతం, అంటే 121 రూపాయలు. మొత్తం 67,121.

రెండోది డెబిట్ కార్డు. దీని రేటు గూగుల్‌కి దగ్గరగానే ఉంటుంది. కానీ బ్యాంకు 3.5 శాతం మార్కప్ వేస్తే 2,275, దాని మీద 18 శాతం జీఎస్టీ 410. మొత్తం 67,685. ఇది షాపులో గీకితేనే. ఏటీఎంలో తీస్తే ప్రతిసారీ ఇంకో ఫీజు. 150 ప్లస్ జీఎస్టీ చొప్పున నాలుగుసార్లు తీస్తే 708 అదనం.

మూడోది ఫారెక్స్ కార్డు. 66 చొప్పున లోడ్ చేశారనుకోండి. జీఎస్టీ, కార్డు ఫీజు కలిపి ఓ 473. మొత్తం 66,473. మూడింట్లో ఇదే చౌక.

కానీ ఒక మెలిక ఉంది. కార్డులో అమెరికా డాలర్లు వేసుకుని సింగపూర్‌లో గీకితే, చాలా కార్డులు మళ్లీ మార్పిడి ఫీజు వేస్తాయి. అది 3.5 శాతమైతే దగ్గర దగ్గర 2,300 పోతుంది. అప్పుడు డెబిట్ కార్డే నయం! అందుకే లోడ్ చేసేటప్పుడు "సింగపూర్ డాలర్లే వెయ్యండి" అని గట్టిగా చెప్పాలి. అవసరానికి మించి వేయకండి. మిగిలింది వెనక్కిస్తే తక్కువ రేటుకి తీసుకుంటారు.

ఇంకోటి. అక్కడ మెషీన్ `INR` కావాలా, `SGD` కావాలా అని అడగొచ్చు. మన రూపాయి కదా అని `INR` నొక్కారంటే, వాళ్ల మార్జిన్ కలిపిన రేటు పడుతుంది. ఎప్పుడూ `SGD` నొక్కండి.

మావాడికైతే 800 డాలర్లు కార్డులో, 200 నోట్లు తీసుకోమన్నాను. చిన్న హోటళ్లలో నోట్లే అడగొచ్చు, పైగా ఏటీఎం ఫీజు తప్పుతుంది. డెబిట్ కార్డు అత్యవసరానికి మాత్రమే. బయల్దేరే ముందు యాప్‌లో ఇంటర్నేషనల్ వాడకం ఆన్ చేసుకోవాలి.

మీరు ఎవర్ని అడిగినా "ఫీజు ఎంత?" అని అడక్కండి. "అన్నీ కలిపి నేను ఎన్ని రూపాయలు కట్టాలి, నా చేతికి ఎన్ని డాలర్లు వస్తాయి?" అని అడిగి, భాగించండి. మన లెక్కలో ఫారెక్స్ కార్డు 66.47, నోట్లు 67.12, డెబిట్ కార్డు 67.69. మీ నంబర్లు ఎంతొచ్చాయో కామెంట్‌లో పెట్టండి. ఉంటాను మరి.