ఉప్పు తగ్గినా రుచి తగ్గని సూపు
(మన సంఘం సమావేశంలో ఒక సభ్యులు చేసిన ప్రసంగ పాఠం)



ముప్పైమూడేళ్ళు ఫైళ్ళు రాసిన గుమాస్తా వంట గురించి మాట్లాడటమేమిటని మీరు నవ్వుకోవచ్చు. నేనూ ఒకప్పుడు నవ్వేవాణ్ణే. క్రిందటి చలికాలంలో మా ఆవిడకు పది రోజులు జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది కానీ అన్నం సయించలేదు. ఆవిడకు రక్తపోటు ఉన్నది కనుక ఉప్పు బాగా తగ్గించమన్నారు డాక్టరుగారు. పొట్లాల్లో దొరికే సూపు పొడిలో ఉప్పు ఎక్కువ, అది వద్దన్నారు. ఇక వంటింట్లోకి నేనే దిగాను.

మొదటి రోజు క్యాబేజీతో సహా ఇంట్లో ఉన్న కూరగాయలన్నీ కుక్కరులో పడేసి ఐదు కూతలు రానిచ్చాను. మూత తీస్తే బురదనీళ్ళు, పైగా ఒక రకమైన వాసన. మా ఆవిడ ఒక్క గుక్క తాగి, "ఏమండీ, ఇది గిన్నెలు కడిగిన నీళ్ళా?" అంది. బాధ కలిగినా మాట నిజమే. కూరలు మెత్తగా చితికితే నీళ్ళు చిక్కబడి మురికిగా కనిపిస్తాయి. క్యాబేజీ ఎక్కువసేపు ఉడికితే ఆ వాసన వస్తుంది. నాలుగైదు రోజులు మార్చి మార్చి చేస్తే ఒక పద్ధతి కుదిరింది. అదే మీకు మనవి చేస్తాను.

ఇద్దరికి రెండు పూటలకు సరిపోయే లెక్క ఇది. ఒక ఉల్లిపాయ, రెండు పండిన టమాటాలు, ఒక పెద్ద క్యారెట్, ఒక ములక్కాడ, మూడు వెల్లుల్లి రెబ్బలు, అరంగుళం అల్లం, ఎనిమిది మిరియాలు, గుప్పెడు కొత్తిమీర కాడలు. ఆకులు తీసుకుని కాడలు పారేస్తాం కానీ సువాసన కాడల్లోనూ ఉంది. నీళ్ళు ఒక లీటరు.

గిన్నెలో అర చెంచా నూనె వేసి, ఉల్లిపాయ ముక్కల్ని సన్నని సెగమీద ఐదారు నిమిషాలు వేయించాలి. అంచులు ఎర్రబడాలి. సూపుకు రంగు, కమ్మదనం ఇక్కడే వస్తాయి. ఉప్పు తగ్గించిన లోటు చాలావరకు తీర్చేది ఈ ఎరుపే. ముక్కలు నల్లబడితే మాత్రం చేదెక్కుతుంది. అప్పుడు మొహమాటం లేకుండా పారేసి మళ్ళీ మొదలుపెట్టండి.

తర్వాత చితక్కొట్టిన అల్లం, వెల్లుల్లి వేసి అర నిమిషం త్రిప్పి, మిగతా కూరగాయలు, కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు, కాడలు, నీళ్ళు వేయాలి. క్యారెట్ పలచగా తరిగితే సారం త్వరగా దిగుతుంది. ఒక పొంగు రాగానే సెగ బాగా తగ్గించి, మూత ఓరగా పెట్టాలి. నీళ్ళ మీద అక్కడొక బుడగ, ఇక్కడొక బుడగ రావాలి, అంతే. కుతకుత ఉడకనివ్వకూడదు, గరిటె పెట్టి కలపకూడదు. ఇరవై అయిదు నిమిషాలు చాలు.

దింపి ఐదు నిమిషాలు కదల్చకుండా ఉంచి, తడిపిన పలుచని గుడ్డలో వడకట్టండి. గుడ్డను పిండవద్దు. నేను ఆశకొద్దీ పిండితే మళ్ళీ బురదనీళ్ళే వచ్చాయి! సరిగా వస్తే లేత టీ నీళ్ళ రంగులో, గిన్నె అడుగు కనిపించేటంత తేటగా మూడున్నర కప్పులు వస్తుంది.

ఉప్పు అప్పుడే వేయాలి, ముందు కాదు. ఉడికేటప్పుడు నీరు తగ్గుతుంది గానీ ఉప్పు తగ్గదు కనుక, ముందు సరిపోయిన ఉప్పు చివరకు ఎక్కువవుతుంది. మొత్తానికి పావు టీచెంచా వేసి, అర చెక్క నిమ్మరసం పిండి రుచి చూడండి. పులుపు, మిరియాల ఘాటు తోడైతే ఉప్పు తక్కువన్న సంగతి నాలుకకు అంతగా తెలియదు.

రెండు జాగ్రత్తలు చెప్పి ముగిస్తాను. కూరల్లోని పొటాషియం ఈ నీళ్ళలోకి దిగుతుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా తాగవద్దు. ఉప్పుకు బదులుగా అమ్మే తక్కువ సోడియం ఉప్పుల్లోనూ సాధారణంగా పొటాషియమే ఉంటుంది. రెండవది, ఇది ఆకలి పుట్టిస్తుందే కానీ అన్నానికి బదులు కాదు. తేట నీళ్ళలో బలం తక్కువ. నీరసంగా ఉన్నవారికి పెసరకట్టో, మెత్తని పప్పన్నమో వెంట పెట్టాలి. గుడ్డలో మిగిలిన ముక్కల్ని నేను మర్నాడు పప్పులో వేసేస్తాను. రెండో పూటకు ఉంచిన సూపు చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టి, తాగేముందు మరిగించాలి.

ఆరో రోజున మా ఆవిడ కప్పు ఖాళీ చేసి, "ఇంకాస్త ఉందా?" అని అడిగింది. ఉద్యోగంలో ప్రమోషన్ ఆర్డరు అందుకున్ననాడు కూడా నాకంత సంతోషం కలగలేదు.