నమస్తే చెప్పించే వేళ

అతిథి గుమ్మంలోకి రాగానే మూడేళ్ల పిల్ల అమ్మ వెనక దాక్కుంటుంది. ‘నమస్తే చెప్పవే’ అని నలుగురిలో అడిగినకొద్దీ ఇంకా ముడుచుకుపోతుంది. అది మొండితనం కాదు, కొత్త ముఖం ముందు బెరుకు. 1980లో గ్రైఫ్, గ్లీసన్ అనే పరిశోధకులు అమెరికాలో చిన్నపిల్లలను గమనిస్తే, మర్యాద మాటలు వాళ్లంతట వాళ్లు అన్నది తక్కువే, పెద్దలు గుర్తుచేస్తే మాత్రం చాలావరకు అన్నారు. కాబట్టి గుర్తుచేయడంలో తప్పులేదు, చూడాల్సింది వేళ. ‘సాయంత్రం అత్తయ్య వస్తుంది, ఇద్దరం దణ్ణం పెడదాం. బాగున్నావా అంటే, బాగున్నానత్తయ్యా, మీరు బాగున్నారా అనాలి’ అని ముందే ఆటలా చేయించాలి. వచ్చాక మొదట మనమే నమస్కరించి, పిల్లకు కాస్త వ్యవధి ఇవ్వాలి. మాట రాకపోతే చేతులు జోడించినా చాలు.

ఇంత చనువిస్తే మర్యాద ఒంటబడుతుందా అని పెద్దవాళ్లు అడుగుతారు. సరైన అనుమానమే. అయితే ఇక్కడ పలకరింపు మానేయమనడం లేదు, బలవంతమే మానమంటున్నాం. అత్తయ్య వెళ్లేటప్పుడు ‘మళ్లీ రండి’ అనే అవకాశం ఎలాగూ ఉంటుంది, అప్పటికి బెరుకూ కొంత తగ్గుతుంది.