ఇంగ్లీషులో మన పేరు



పోయిన వారం మీరందరూ పలకల మీద మీ పేర్లు తెలుగులో రాశారు. అప్పుడు ఒక అక్క లేచి అడిగింది. "టీచరమ్మా, ఆధార్ కార్డులో నా పేరు ఇంగ్లీషులో కూడా ఉంది కదా. అది సరిగా ఉందో లేదో నాకెట్లా తెలుస్తుంది?" అని. ఈ పొద్దు దాని గురించే మాట్లాడుకుందాం.

సునీత అనే పేరు తీసుకుందాం. మన తరగతిలో ఈ పేరు ఎవరికీ లేదు కాబట్టి ఎవరూ నొచ్చుకోరు. తెలుగులో మూడే అక్షరాలు. కొత్తచెరువులో రాసినా, ధర్మవరంలో రాసినా ఒకే మాదిరి ఉంటుంది. ఇంగ్లీషులో చూడండి. బోర్డు మీద రాస్తున్నాను.

SUNITHA
SUNEETHA
SUNITA
SUNEETA

నాలుగూ సునీతే. ఎందుకిట్లా? 'నీ' లోని దీర్ఘానికి ఒకరు I పెడతారు, ఇంకొకరు EE పెడతారు. ఇక మన 'త'కు సరిగ్గా సరిపోయే అక్షరం ఇంగ్లీషులో లేదు. T ఒక్కటే పెడితే 'ట' అని చదువుతారని మన వైపు TH రాస్తారు. ఉత్తరాదిలో T తోనే సరిపెడతారు. మన ఊరి పేరుకూ ఇదే గతి. ఒకరు KOTHACHERUVU అని రాస్తారు, ఇంకొకరు KOTTACHERUVU అని రాస్తారు. ఊరికైతే ఫరవాలేదు. ఊరు పాస్‌పోర్టు అడగదు కదా!

ఈ నాలుగింటిలో ఏదీ తప్పు కాదు. మనిషి చదివితే "ఓహో, సునీత" అనుకుంటాడు. కంప్యూటర్ అట్లా అనుకోదు. అక్షరం పక్కన అక్షరం పెట్టి చూస్తుంది. ఒక్క E ఎక్కువైనా అది వేరే మనిషి పేరు అనుకోవచ్చు.

మా వీధిలో ఒక అమ్మాయికి ఇట్లాగే జరిగింది. అసలు పేరు చెప్పను, సునీత అనే అనుకుందాం. పుట్టినప్పుడు ఇచ్చిన సర్టిఫికెట్‌లో SUNEETHA అని ఉంది. బడిలో చేర్చేటప్పుడు వాళ్ల నాయన ఆ సర్టిఫికెట్ తీసుకుపోలేదు. నోటితో "సునీత" అని చెప్పాడు. అక్కడ SUNITHA అని రాసుకున్నారు. ఆధార్ తీసుకునేటప్పుడు టైపు చేసిన అబ్బాయి SUNEETA అని కొట్టాడు. బ్యాంకు వాళ్లు ఆధార్ చూసి అదే ఎక్కించారు. ఇరవై ఏళ్లు ఎవరూ పట్టించుకోలేదు. అమ్మాయి నర్సు చదువు చదివింది. కువైట్‌లో పని ఉందన్నారు. పాస్‌పోర్టుకు పోతే, "పదో తరగతి మెమోలో ఒకటి, ఆధార్‌లో ఒకటి ఉంది. ముందు సరిచేసుకుని రండి" అని పంపేశారు. పని ఇస్తామన్నవాళ్లు ఎన్నాళ్లని ఆగుతారు?

ఆ ఇంట్లో వాళ్లు నన్ను అడిగారు. మూడు కాగితాలూ చాప మీద పరిచి కూర్చున్నాం. అమ్మాయికి SUNEETHA అంటేనే ఇష్టం. చూపుకు బాగుందట. కానీ ఇక్కడ ఇష్టం పనికిరాదు. మార్చడానికి ఏది అన్నిటికన్నా కష్టమో, దానిలో ఉన్నదాన్నే మన పేరుగా పెట్టుకోవాలి. ఆమెకు అది పదో తరగతి మెమో. బడి రిజిస్టరులో ఒక రకంగా ఉండి, మెమోలో వేరుగా అచ్చయితే హెడ్‌మాస్టర్ ద్వారా దిద్దించుకోవచ్చు. ఈ అమ్మాయికి రిజిస్టరులోనూ, మెమోలోనూ SUNITHA అనే ఉంది. అందుకే SUNITHA ఖాయం చేసుకున్నాం.

ముందు ఆధార్ కేంద్రానికి పోయారు. ఫోటో ఉన్న మెమోను రుజువుగా చూపించారు. ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోండి. ఆధార్‌లో పేరు మార్చుకోవడానికి జీవితంలో రెండే అవకాశాలు ఇస్తారు. ఒకటి తొందరపడి పోగొట్టుకుంటే మిగిలేది ఒక్కటే. అందుకని ఆ అమ్మాయి టైపు చేసే తెర వైపు చూస్తూ, S, U, N, I అని ఒక్కొక్క అక్షరం గట్టిగా చదివింది. తరువాత ఇచ్చిన చీటీలో మళ్లీ చూసుకుంది. కొత్త ఆధార్ వచ్చాక దాని నకలు పెట్టి బ్యాంకులో అర్జీ ఇచ్చింది. పాన్ కార్డు కూడా సరిచేయించింది. అన్నీ అయ్యాకనే పాస్‌పోర్టుకు దరఖాస్తు చేసింది. ముందే పాస్‌పోర్టుకు పోయుంటే మళ్లీ తిప్పి పంపేవాళ్లు.

ఇంటిపేరు ఇంకో చిక్కు. బడిలో పొట్టి చేసి రాస్తారు. ఇంటిపేరు మేకల అయితే M. SUNITHA అని ఉంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరుకు ఒక గడి, సొంత పేరుకు ఒక గడి వేరువేరుగా ఉంటాయి. అక్కడ M అని పెట్టకుండా MEKALA అని పూర్తిగా రాయాలి. కొందరు ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేస్తారు. 2022 నవంబరులో దుబాయి ఉన్న దేశం వాళ్లు ఒక నియమం పెట్టారు. పాస్‌పోర్టులో ఒక్క పేరే ఉంటే, సందర్శకుల వీసా మీద రానివ్వమన్నారు. తరువాత, పాస్‌పోర్టు రెండో పేజీలో తండ్రి పేరో, ఇంటిపేరో ఉంటే ఫరవాలేదని చెప్పారు. ఇంత తిరకాసు మనకెందుకు? రెండు గడులూ నింపుకుంటే సరిపోతుంది. ఆ ఇంటిపేరు కూడా తండ్రికీ, అన్నదమ్ములకూ ఉన్న అక్షరాలతోనే ఉండాలి.

"పెళ్లయితే ఇంటిపేరు మారుతుంది కదా?" అని వెనక నుంచి అడుగుతున్నారు. మారాలని చట్టం ఏమీ లేదక్కా. పుట్టింటి ఇంటిపేరుతోనే ఉండిపోవచ్చు. పదో తరగతి మెమో ఉన్న అమ్మాయి అట్లా ఉంటేనే తిప్పలు తక్కువ అని నా అభిప్రాయం. అత్తగారింట్లో ఒప్పుకోకపోతే అది వేరే పంచాయితీ.

ఇప్పుడు మీ పిల్లల సంగతి. మీ అమ్మాయి పదో తరగతిలో ఉంటే ఇదే మంచి సమయం. పరీక్ష ఫీజు కట్టే రోజుల్లో బడి వాళ్లు పిల్లల పేర్లు ఇంగ్లీషులో రాసి పైకి పంపుతారు. అది పంపకముందే ఆధార్ కార్డు పట్టుకుని బడికి పోండి. "సార్, ఈ పేరూ ఆ పేరూ ఒకటేనా?" అని అడగండి. అప్పుడైతే పెన్నుతో దిద్దే పని. మెమో అచ్చయ్యాక ఆఫీసుల చుట్టూ తిరిగే పని.

చంటి పిల్లలున్న తల్లులకు లెక్క వేరు. 2023 అక్టోబరు 1న గానీ, ఆ తరువాత గానీ పుట్టిన పిల్లలకు పాస్‌పోర్టు కావాలంటే, పుట్టిన తేదీకి పుట్టుక సర్టిఫికెట్ ఒక్కటే రుజువు. మెమో పనికిరాదు. కాబట్టి వాళ్ల పేరుకు ఆ కాగితమే మూలం. బడిలో చేర్చే రోజు దాన్ని తప్పకుండా పట్టుకుపోండి. నోటితో పేరు చెప్పి రావద్దు.

మనలో బడికే పోనివాళ్లు చాలామంది ఉన్నారు. మనకు మెమో లేదు. మనకు ఆధార్‌లో ఉన్నదే మూలం. బ్యాంకు పుస్తకంలో వేరుగా ఉంటే ఆధార్ ప్రకారం బ్యాంకులోనే మార్పించుకోవడం సులువు.

రేపు వచ్చేటప్పుడు అందరూ ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం తెచ్చుకోండి. నోటు పుస్తకంలో ఆధార్ పేరు పైన రాద్దాం. బ్యాంకు పేరు దాని కింద రాద్దాం. అక్షరం కింద అక్షరం వచ్చేటట్టు రాయాలి. ఎక్కడ తేడా ఉంటే అక్కడ సున్నా చుట్టండి. సున్నా చుట్టినవాళ్లతో కలిసి శనివారం నేనూ బ్యాంకుకు వస్తాను.